99.5 అని రాసుకున్నంత మాత్రాన సరిపోలేదు: ఒక ఐటీ సపోర్ట్ ఒప్పందాన్ని పర్యవేక్షణ పట్టికగా మార్చిన అనుభవం

నేను విజయనగరంలో ఉంటూ చిన్న, మధ్యతరహా సంస్థలకు కొనుగోలు ఒప్పందాలను చదివి, వాటి అమలును చూసుకోవడానికి కావలసిన పట్టికలు తయారు చేసే పని చేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది ఒక ప్రైవేటు ఆసుపత్రి కేసు. సంస్థల పేర్లు రాయడం లేదు. రూపాయల అంకెలనూ, టికెట్లు అనే సమస్య నమోదుల వివరాలనూ గుర్తుపట్టడానికి వీలులేకుండా కొంత మార్చాను, అయితే లెక్కల తీరు మాత్రం జరిగినట్టే ఉంచాను.

నేపథ్యం

ఆసుపత్రి విజయనగరం పట్టణంలో ఉంది. శ్రీకాకుళం జిల్లాలో దానికి రెండు రక్తనమూనా సేకరణ కేంద్రాలున్నాయి. బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టులు, మందుల షాపు, ఈ మూడూ ఒకే సర్వర్ మీద నడుస్తాయి. సర్వర్ నిర్వహణ, నెట్‌వర్క్, కంప్యూటర్ల మరమ్మతు కలిపి ఒక ఐటీ సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ ఇంజినీర్లు విశాఖపట్నం నుంచి వస్తారు, హెల్ప్‌డెస్క్ మాత్రం హైదరాబాద్‌లో ఉంది. హెల్ప్‌డెస్క్ ఎక్కడుందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, తర్వాత అదే ఒక తగవుకు మూలమైంది.

నెలవారీ బిల్లు పన్ను మినహా 1,80,000 రూపాయలు. అందులో సర్వర్ నిర్వహణకు 64,000, మిగిలినది నెట్‌వర్క్, కంప్యూటర్లు, మనుషుల ఖర్చు. ఒప్పందం ఇంగ్లీషులో 41 పేజీలు. ముందు ప్రధాన ఒప్పందం, వెనుక నాలుగు అనెక్షర్లు ఉన్నాయి. సేవా ప్రమాణాలు రెండో అనెక్షర్‌లో, ఛార్జీలూ సర్వీస్ క్రెడిట్లూ నాలుగో దానిలో ఉన్నాయి. సర్వీస్ క్రెడిట్ అంటే సేవ మాట ఇచ్చిన స్థాయికి తగ్గినప్పుడు తర్వాతి బిల్లులో తగ్గించే మొత్తం.

ఎదురైన సమస్య

2025 జూలై మొదటి వారంలో నన్ను పిలిచారు. అప్పటికే వారి చేతిలో ఒక పట్టిక ఉంది. అకౌంట్స్ అధికారిణి ఒప్పందం కుదిరిన వారంలోనే దాన్ని తయారు చేసి గోడకు అంటించారు. ఒకటో ప్రాధాన్యం, అంటే అందరూ పీ-వన్ అనే టికెట్‌కు 15 నిమిషాల్లో రెస్పాన్స్, 4 గంటల్లో పునరుద్ధరణ, పీ-టూకు ఒక గంట, 8 పని గంటలు, అప్‌టైమ్, అంటే సర్వర్ పనిచేస్తూ ఉండే సమయం, 99.5 శాతం, క్రెడిట్ 5 నుంచి 15 శాతం. ఆ కాగితంలో ఉన్న ప్రతి అంకే ఒప్పందంలో ఉన్నదే, ఒక్కటీ తప్పు కాదు.

అయినా ఆ పట్టికను నమ్ముకుని పంపిన రెండు ఫిర్యాదులూ తిరిగి వచ్చాయి. మొదటిది ఏప్రిల్ నెలది. ఆ నెల సర్వర్ మొత్తం 300 నిమిషాలు ఆగిపోయింది. ఐటీ సంస్థ తన నివేదికలోనే అప్‌టైమ్ 99.3 అని చూపించింది. ఆసుపత్రివారు 1,80,000 మీద 5 శాతం లెక్కకట్టి 9,000 రూపాయలు క్రెడిట్ ఇవ్వాలని జూన్ 2న రాశారు. ఆ సంస్థ రెండు వాక్యాల్లో జవాబిచ్చింది: నివేదిక మే 8న అందింది కాబట్టి 15 రోజుల గడువు దాటిపోయింది, గడువులోపు అడిగినా క్రెడిట్ మొత్తం బిల్లు మీద కాదు, ప్రభావితమైన సేవ ఛార్జీ మీదే వస్తుంది కాబట్టి అది 64,000లో 5 శాతం, అంటే 3,200 మాత్రమే. ఒప్పందం తీసి చూస్తే రెండు మాటలూ నిజమే.

రెండోది ఒక పీ-టూ టికెట్. మే 31, శనివారం సాయంత్రం నాలుగున్నరకు నమోదైంది, జూన్ 3, మంగళవారం ఉదయం 11 గంటలకు సరిచేశారు. గడువు దాటిందని ఆసుపత్రివారు, దాటలేదని ఐటీ సంస్థవారు పట్టుబట్టారు. గోడ మీద కాగితాన్ని బట్టి ఇది ఎటూ తేలదు. 8 పని గంటలు అని అందులో ఉంది గాని, ఎవరి పని గంటలు, ఏ క్యాలెండర్ ప్రకారం అన్నది లేదు.

ఆసుపత్రి ఐటీ బాధ్యుడు, పాతికేళ్ల కుర్రవాడు, మొదటి సమావేశంలో నన్నొక మాట అడిగాడు. “సార్, ఫోన్ చేస్తే ఎత్తుతున్నారు, ‘చూస్తాం’ అంటున్నారు. మరి రెస్పాన్స్ ఇచ్చినట్టేనా, ఇవ్వనట్టా?” ఆ ప్రశ్నకు నేనూ వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

నేను మొదట చేసినది, అది ఎందుకు పనికిరాలేదు

నా మొదటి ప్రయత్నం అందరూ చేసేదే. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను చదవగలిగే అక్షరాలుగా మార్చి, నిమిషాలు, గంటలు, రోజులు, శాతం, క్రెడిట్, గడువు వంటి మాటల కోసం వెతికాను. ఆ మాట తగిలిన ప్రతి క్లాజునూ ఒక వరుసగా పట్టికలో ఎక్కించాను. సాయంత్రానికి 62 వరుసలయ్యాయి. చూడటానికి సంపూర్ణంగా ఉంది. మర్నాడు ఐటీ బాధ్యుడికి ఇచ్చి, మే 31 టికెట్‌కు గడువు ఎప్పుడో దీన్ని చూసి చెప్పమన్నాను. అరగంట వెతికి చెప్పలేకపోయాడు. తప్పు అతనిది కాదు. జవాబుకు కావలసిన ముక్కలు నాలుగు వేర్వేరు వరుసల్లో ఉన్నాయి: 8 గంటలన్నది ఒకచోట, పని గంటల నిర్వచనం ఇంకోచోట, గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది మూడోచోట, ఎప్పుడు ఆగుతుందన్నది నాలుగోచోట. నేను ఒప్పందాన్ని ముక్కలు చేశానే గాని అందులోని మాటను బయటికి తీయలేదు.

ఇంకో లోపం అంతకన్నా పెద్దది. అంకె లేని క్లాజులు నా వెతుకులాటకు చిక్కనేలేదు. రెస్పాన్స్ అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో ఒక్క అంకె కూడా లేదు. ‘అర్హత గల ఇంజినీరు సమస్య గురించి వినియోగదారుతో మొదటిసారి మాట్లాడటం లేదా రాయడం, యంత్రం తనంతట తాను పంపే రసీదు దీనికిందికి రాదు’ అన్నది దాని సారాంశం. ఆ ఒక్క వాక్యమే ఐటీ బాధ్యుడి ప్రశ్నకు జవాబు. ఫోన్ ఎత్తిన టెలిఫోన్ ఉద్యోగి ‘చూస్తాం’ అంటే రెస్పాన్స్ కాదు. అంతేకాదు, గడియారం మొదలయ్యేది ఫోన్ కాల్‌తో కాదు, పోర్టల్‌లో టికెట్ నమోదైన నిమిషంతో. కాబట్టి ఫోన్ చేసి ఊరుకుంటే అసలు గడియారమే కదలదు.

ఈ నిర్వచనాన్ని చేతిలో పెట్టుకుని ఐటీ సంస్థ నెలవారీ నివేదిక మళ్లీ చూశాను. రెస్పాన్స్ టైమ్ నూటికి నూరు శాతం పాటించినట్టు ఉంది. టికెట్ వారీగా చూస్తే ప్రతి రెస్పాన్స్ ఒక నిమిషంలోపే వచ్చింది, రాత్రి రెండు గంటలకు పెట్టిన టికెట్లకు కూడా. మనుషులు అంత ఏకరీతిగా స్పందించరు. నివేదిక తీసుకుంటున్నది యంత్రం పంపిన రసీదు సమయాన్ని అని అర్థమైంది. రెస్పాన్స్ సమయాలన్నీ ఒకే గీత మీద నిలబడి ఉంటే ముందు అనుమానించవలసింది అదే.

తప్పిన ఒక పెద్ద పొరపాటు

రెండో ప్రయత్నంలో వెతుకులాట మానేసి ఒప్పందాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకూ చదివాను. చదువుతుంటే ఒక వైరుధ్యం కనబడింది. రెండో అనెక్షర్‌లో అప్‌టైమ్ 99.5 అని ఉంది, ఏ కాలానికన్నది అక్కడ లేదు. ప్రధాన ఒప్పందంలో మాత్రం సేవా ప్రమాణాలన్నింటినీ మూడు నెలలకొకసారి కొలుస్తారని ఉంది. ఆసుపత్రివారు నెల లెక్కనే అనుకుంటున్నారు, ఐటీ సంస్థ పంపే నివేదిక కూడా నెలనెలా వస్తోంది. ఒప్పందంలోని ప్రాధాన్యక్రమం క్లాజు ప్రకారం ప్రధాన ఒప్పందానికీ అనెక్షర్‌కూ పొంతన కుదరకపోతే ప్రధాన ఒప్పందమే చెల్లుతుంది.

ఈ తేడా ఎంతదో చూడండి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు 91 రోజులు, అంటే 1,31,040 నిమిషాలు. అందులో అర శాతం 655 నిమిషాలు. ముందుగా తెలియజేసిన నిర్వహణ సమయాన్ని తీసేసినా 650కి పైనే. ఆ మూడు నెలల్లో సర్వర్ ఏప్రిల్‌లో 300, మేలో 60, జూన్‌లో 230 నిమిషాలు ఆగింది. మొత్తం 590. మూడు నెలల లెక్కలో అసలు ఉల్లంఘనే లేదు. నెల లెక్కలో అయితే ఏప్రిల్, జూన్ రెండూ తప్పాయి. ఒకే అంకె, ఒకే సర్వర్, ఒకే ఆగిపోవడం. కొలిచే కాలం మారితే ఫలితం తలకిందులవుతుంది.

‘మీకు క్లెయిమ్ చేసే హక్కు లేదు’ అని నివేదిక దాదాపు రాసేశాను. పంపే ముందు అలవాటు ప్రకారం, ఒప్పందం మీద సంతకాలయ్యాక ఇరుపక్షాలూ రాసుకున్నవేమైనా ఉన్నాయా అని పరిపాలనాధికారిని అడిగాను. లేవన్నారు. అకౌంట్స్ అధికారిణి మాత్రం కాస్త ఆలోచించి, “రేటు పెంచమన్నప్పుడు ఒక లెటర్ వచ్చింది సార్, అది పర్చేజ్ ఫైల్లో ఉండాలి” అన్నారు. ఉంది. 2025 మార్చిలో ఇరుపక్షాలూ సంతకం చేసిన రెండు పేజీల సవరణ అది. మొదటి పేజీ అంతా రేట్ల గురించే. రెండో పేజీలో ఒక పేరా: ప్రధాన ఒప్పందంలో ఏమున్నప్పటికీ, ఏప్రిల్ 1 నుంచి అప్‌టైమ్‌ను ప్రతి క్యాలెండర్ నెలకూ విడిగా కొలవాలి, క్రెడిట్ కూడా ఆ నెలకే లెక్కకట్టాలి. ‘ఏమున్నప్పటికీ’ అన్న మాటతో ప్రాధాన్యక్రమం సమస్య తీరిపోయింది.

ఆ కాగితం 41 పేజీల పీడీఎఫ్‌లో లేదు. ఐటీ సంస్థ దాన్ని దాచలేదు, ఆసుపత్రి పారేయలేదు. రేట్ల లెటర్ కాబట్టి రేట్ల ఫైల్లోకి వెళ్లింది, అంతే. అప్పటి నుంచి నేను ఏ ఒప్పందాన్నైనా విప్పేముందు పర్చేజ్ ఫైలూ, ఇన్‌వాయిస్ ఫైలూ, పరిపాలనాధికారి మెయిలూ మూడూ చూస్తున్నాను. ‘సవరణలు లేవు’ అన్న జవాబును జవాబుగా తీసుకోవడం లేదు.

చివరికి నిలబడిన పట్టిక

మూడోసారి పద్ధతి మార్చాను. వరుస క్లాజుకు కాదు, మాటకు. ఐటీ సంస్థ ఇచ్చిన ఒక్కో మాటకు ఒక్కో వరుస, ఆ మాటను కొలవడానికి కావలసినదంతా ఆ వరుసలోనే. 62 వరుసలు 11కి తగ్గాయి. ఒక్కో వరుసలో నేను నింపినవి ఇవి: దేన్ని కొలుస్తాం, లక్ష్యం ఎంత, గడియారం ఏ ఘటనతో మొదలై ఏ ఘటనతో ఆగుతుంది, మధ్యలో ఎప్పుడు నిలుస్తుంది, ఏ గంటలు లెక్కలోకి వస్తాయి, ఎంత కాలానికి కొలుస్తాం, ఏ రికార్డు సాక్ష్యం, తప్పితే ఏమవుతుంది, అడగడానికి చివరి రోజు ఎలా లెక్కించాలి. చివర్లో క్లాజు సంఖ్య, పేజీ, ఒప్పందంలోని మూలవాక్యం ఉన్నదున్నట్టు.

రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒప్పందం చెప్పని గడిని ఊహతో నింపకూడదు, ‘ఒప్పందంలో లేదు’ అనే రాయాలి. ఖాళీగా వదిలేస్తే చూసేవారు మరిచిపోయారనుకుంటారు. ఊహ రాస్తే ఆరు నెలల తర్వాత అదే ఒప్పందమనుకుంటారు. రెండో నియమం, ఒక వరుసలోని షరతును ఇంకో వరుసకు తీసుకుపోకూడదు. ఈ రెండో నియమం విలువ జూన్ నెల లెక్కలో తెలిసింది.

జూన్ నెల లెక్క

జూన్‌లో సర్వర్ రెండుసార్లు ఆగింది. మొదటిసారి 150 నిమిషాలు, రెండోసారి 80. ముందుగా నోటీసు ఇచ్చి చేసిన నిర్వహణ 180 నిమిషాలు. ఒప్పందం ప్రకారం ఈ సమయాన్ని ఆగిపోవడంగా లెక్కించరు, మొత్తం సేవా సమయంలోంచి కూడా తీసేస్తారు. జూన్‌లో 43,200 నిమిషాలు. నిర్వహణ పోను 43,020. జూలై 7న వచ్చిన నివేదికలో అప్‌టైమ్ 99.5 అని, పక్కన ఆకుపచ్చ గుర్తు ఉన్నాయి. నేను వేసిన లెక్క ఇది:

```
(43020 - 230) / 43020 * 100 = 99.4654
```

అర శాతం అంటే 215 నిమిషాలు, ఆగింది 230. లక్ష్యం తప్పింది. మరి 99.5 ఎలా వచ్చింది? నివేదిక ఒక్క దశాంశ స్థానానికే చూపిస్తుంది, 99.4654ను అలా సవరిస్తే 99.5 అవుతుంది. ఒప్పందంలో ఇలా అంకెను దగ్గరి దశాంశానికి సవరించడం గురించి ఒక్క మాట లేదు. లక్ష్యాన్ని 99.5 అని రాసి, ఫలితాన్ని కూడా ఒక్క దశాంశానికే చూపించే నివేదికలో, 99.45 నుంచి 99.5 లోపు ఉన్న ప్రతి నెలా నెగ్గినట్టే కనబడుతుంది. నెల లెక్కలో అది దాదాపు 21 నిమిషాల వెసులుబాటు. ఏప్రిల్‌లో ఈ చిక్కు రాకపోవడానికి కారణం ఆ నెల ఫలితం గీతకు దూరంగా ఉండటమే.

ఆ సంస్థను అడిగితే సవరింపు సంగతి వదిలేసి ఇంకో వాదన తెచ్చారు. మొదటి ఆగిపోవడంలో 35 నిమిషాలు టికెట్ ‘వినియోగదారు జవాబు కోసం ఎదురుచూపు’ స్థితిలో ఉందట. సర్వర్ గది తాళం కోసం అడిగారు, తాళం ఉన్న ఉద్యోగి దొరకడానికి అంత సేపు పట్టింది. ఆ మాట నిజమే. ఆ 35 తీసేస్తే 195 నిమిషాలు, అప్‌టైమ్ 99.5467, లక్ష్యం నెగ్గినట్టు.

ఇక్కడ పట్టికలోని రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూశాం. గడియారం నిలిచే క్లాజు టికెట్ పరిష్కార సమయానికి సంబంధించింది. ఆ క్లాజులోనే ‘పరిష్కార గడువును లెక్కించేటప్పుడు’ అని ఉంది. అప్‌టైమ్ సూత్రంలో తీసివేయదగినవిగా మూడింటినే చెప్పారు: నోటీసుతో చేసిన నిర్వహణ, ఆసుపత్రి వైపు కరెంటు లేకపోవడం, అనివార్య పరిస్థితి. వినియోగదారు జవాబు కోసం ఎదురుచూపు ఆ మూడింటిలో లేదు. టికెట్ గడియారం వేరు, సర్వర్ గడియారం వేరు. మొదటిది నిలిచినంత మాత్రాన రెండోది నిలవదు. న్యాయంగా చూస్తే తాళం ఆలస్యం ఆసుపత్రిదే కదా అని ఎవరైనా అనవచ్చు, నాకూ అనిపించింది. కాని పట్టిక పని ఒప్పందం ఏమంటుందో చూపించడం వరకే. ఏమని ఉండాల్సిందో చర్చించే చోటు తర్వాతి సవరణ. ఆసుపత్రివారికి మాత్రం తాళం రెండోది సెక్యూరిటీ గదిలో పెట్టమని చెప్పాను.

అనివార్య పరిస్థితి గురించి ఒక మాట. మన జిల్లాల్లో ఆ క్లాజును ఎవరూ అలంకారంగా చదవరు. 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం ఊళ్లలో కరెంటు రోజుల తరబడి లేదు. ఈ ఒప్పందంలో తుపాను పేరుపెట్టి ఉంది, అయితే ‘పరిస్థితి అడ్డుకున్నంత మేరకు’ అన్న షరతుతో. అంటే కరెంటు తిరిగి వచ్చాక కూడా సర్వర్ లేవకపోతే ఆ నిమిషం నుంచి లెక్క మొదలవుతుంది. అందుకని ఆ వరుసలో సాక్ష్యం గడిలో కరెంటు వచ్చిన సమయాన్ని జనరేటర్ పుస్తకంలోంచి తీసుకోవాలని రాశాం.

గడువు లెక్కలు

క్రెడిట్ అడగడానికి నివేదిక అందిన నాటి నుంచి 15 రోజులు. జూన్ నివేదిక జూలై 7న అందింది. అందిన రోజును వదిలేసి లెక్కిస్తే జూలై 22, కలుపుకుంటే 21. ఒప్పందంలో ఇది తేలలేదు. ఇలాంటి చోట వాదన గెలిచే తేదీ కాకుండా వాదనే అక్కరలేని తేదీ తీసుకోవాలని నా పద్ధతి. పట్టికలో 21 అనే రాశాం. అందులోనూ కోర్టు దాకా వెళ్లే మొత్తం కాదిది. క్లెయిమ్ జూలై 16న వెళ్లింది, పన్ను మినహా 64,000 మీద 5 శాతం, 3,200 రూపాయలకు.

ఇంత శ్రమ 3,200 కోసమా అని పరిపాలనాధికారి నన్ను సూటిగానే అడిగారు. వారికి ఇంకో క్లాజు చూపించాను. ఏ ఆరు వరుస నెలల్లోనైనా మూడు నెలలు అప్‌టైమ్ లక్ష్యం తప్పితే, జరిమానా చెల్లించకుండా ఒప్పందాన్ని ముగించే హక్కు ఆసుపత్రికి వస్తుంది. ఆ క్లాజులో ఉన్నది ‘లక్ష్యం తప్పిన నెల’ అని, ‘క్రెడిట్ పొందిన నెల’ అని కాదు. అంటే గడువు దాటి డబ్బు పోగొట్టుకున్న ఏప్రిల్ కూడా ఈ లెక్కలో ఉంటుంది. జూన్‌ను ఆకుపచ్చగా వదిలేసి ఉంటే పోయేది 3,200 కాదు, మూడింటిలో రెండోది. క్రెడిట్ వరుసనూ ముగింపు హక్కు వరుసనూ పట్టికలో వేరు చేసింది ఇందుకే. మొదటిది డబ్బు, గడువుతో చస్తుంది. రెండోది రికార్డు, ఆరు నెలలు బతుకుతుంది.

పాత టికెట్లతో పరీక్ష

పట్టిక సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి మళ్లీ చదవడం కన్నా మంచి మార్గం ఒకటి దొరికింది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు వచ్చిన టికెట్లలోంచి 24 ఎంచి, ఐటీ బాధ్యుడికీ అకౌంట్స్ అధికారిణికీ విడివిడిగా ఇచ్చాను. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, పట్టిక మాత్రమే చూసి, ఒక్కో టికెట్‌కు గడువు సమయం రాయాలి. ఇద్దరి జవాబులూ కలిసిన వరుసలను వదిలేశాం. కలవని చోట తప్పు మనుషులది కాదు, వరుసది. అలాంటివి మూడు బయటపడ్డాయి: సెలవుల క్యాలెండర్, గడియారం నిలిచే సందర్భాలు, టికెట్ ప్రాధాన్యం ఎవరు నిర్ణయిస్తారన్నది.

మే 31 టికెట్ మొదటి రకం. పని గంటలు సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా. శనివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు గంటన్నర. ఆదివారం లేదు. మిగిలిన ఆరున్నర గంటలు సోమవారం తొమ్మిదికి మొదలై మధ్యాహ్నం మూడున్నరకు పూర్తవుతాయి. కాని ఆ సోమవారం జూన్ 2, తెలంగాణ అవతరణ దినోత్సవం. హైదరాబాద్‌లోని హెల్ప్‌డెస్క్‌కు సెలవు, విజయనగరానికి కాదు. హైదరాబాద్ క్యాలెండర్ ప్రకారం గడువు మంగళవారం మధ్యాహ్నం మూడున్నర. ఒప్పందంలో ‘ప్రభుత్వ సెలవులు మినహా’ అని ఉంది గాని ఏ ప్రభుత్వమో లేదు. మంగళవారం ఉదయం పదకొండుకు సరిచేశారు కాబట్టి ఇరుపక్షాల లెక్కా ఎవరి క్యాలెండర్‌లో వారికి సరైనదే.

సిరిమానోత్సవం నాడు ఇదే కథ తిరగబడుతుంది. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పట్టణమంతా పైడితల్లి అమ్మవారి గుడి దారిలోనే ఉంటుంది, కార్యాలయాల్లో మనుషులు దొరకరు; హైదరాబాద్‌లో అది మామూలు పనిదినం. అందుకే సెలవుల పేర్లను జాబితాగా రాయించి ఏటా జనవరిలో ఇరుపక్షాలూ సంతకం చేయాలని ప్రతిపాదించాం.

ఈ లెక్కకు వాడిన సూత్రంలోనూ ఒక గుంత ఉంది. మామూలు `NETWORKDAYS` శనివారాన్ని కూడా సెలవుగా తీసుకుంటుంది. ఆదివారం ఒక్కటే సెలవైన చోట ఇలా రాయాలి. అందులో 11 అంటే ఆదివారం మాత్రమే అని, `Holidays` అన్నది సంతకం చేసిన జాబితా ఉన్న షీటు:

```
=NETWORKDAYS.INTL(A2,B2,11,Holidays!A2:A30)
```

ఇది రోజులనే లెక్కిస్తుంది. మొదటి రోజూ చివరి రోజూ ఎన్ని గంటలన్నది విడిగా కలపాలి. పీ-వన్‌కు ఇదేదీ అక్కరలేదు, దాని గడియారం రాత్రింబవళ్లు నడుస్తుంది.

స్పష్టత కోరుతూ రాసిన లేఖ

కలవని మూడు వరుసలకు దశాంశాల సవరింపు విషయాన్ని కూడా జోడించి ఐటీ సంస్థకు ఒక లేఖ రాయించాను. ఆరోపణ ఏమీ లేకుండా, ఒక్కో అంశానికి మూలవాక్యం, రెండు అర్థాలు, ఒక పాత టికెట్ ఉదాహరణ, మేము ప్రతిపాదించే అర్థం అని నాలుగు భాగాలుగా. ఉదాహరణలన్నీ మా వైపు మొగ్గేవే ఎంచలేదు. తాళం ఆలస్యం వంటిది కూడా పెట్టాం. వారి జవాబు మెత్తగా రావడానికి అదే కారణమని నా అభిప్రాయం.

మూడింటికి ఒప్పుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సెలవులే వర్తిస్తాయి, సిరిమానోత్సవం రోజు కూడా సెలవే. అప్‌టైమ్‌ను రెండు దశాంశాలకు చూపిస్తారు, సవరించకుండా మిగిలిన అంకెలను తెంచేస్తారు. గడియారం నిలిపేటప్పుడు కారణం, సమయం టికెట్‌లో రాస్తారు, అది పరిష్కార సమయానికే పరిమితం. జూన్ క్రెడిట్ 3,200 ఆగస్టు ఇన్‌వాయిస్‌లో తగ్గింది. మే 31 టికెట్‌ను ఇరుపక్షాలూ వదిలేశాయి, ఒప్పుకున్న అర్థం జూలై నుంచే అమలు కాబట్టి.

నాలుగోది, ప్రాధాన్యం ఎవరు నిర్ణయిస్తారన్నది, తేలలేదు. నిర్వచనాల్లో ‘వినియోగదారు తెలిపిన ప్రభావాన్ని బట్టి’ అని ఉంది, రెండో అనెక్షర్‌లో ‘సేవాసంస్థ అంచనా ప్రకారం’ అని ఉంది. ఒక సేకరణ కేంద్రంలో బార్‌కోడ్ ప్రింటర్ ఆగితే అక్కడివారికి పనంతా ఆగినట్టే. హెల్ప్‌డెస్క్‌కు అది ఒక ప్రింటర్. ప్రాధాన్యక్రమం క్లాజును బట్టి ప్రధాన ఒప్పందంలోని నిర్వచనమే చెల్లాలని మేమన్నాం. రెండూ కలిసి చదువుకోవాలని వారన్నారు. దాన్ని బలవంతంగా తేల్చే బదులు పట్టికలో ఆ వరుసను ‘ఏకాభిప్రాయం లేదు’ అని ఎరుపులో పెట్టి, ప్రతి టికెట్‌కూ రెండు గడులు చేర్చాం: మనం అడిగిన ప్రాధాన్యం, వారు ఇచ్చిన ప్రాధాన్యం. రెండూ వేరైన టికెట్లకు రెండు గడువులూ లెక్క కడతాం.

పట్టికను ఇప్పుడు ఐటీ బాధ్యుడే నెలకొకసారి నింపుతున్నాడు, నివేదిక వచ్చిన మూడు రోజుల్లోపు, సుమారు గంటన్నర పని. రిసెప్షన్‌లో ఫోన్ చేసేముందు పోర్టల్‌లో టికెట్ పెట్టే అలవాటు చేయడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. జూలై, ఆగస్టు, సెప్టెంబర్ మూడు నెలలూ అప్‌టైమ్ 99.5 పైనే ఉంది, ఈసారి రెండు దశాంశాలతో. దాంతో అక్టోబర్ లెక్క మొదలయ్యేసరికి ఏప్రిల్ ఆరు నెలల కిటికీలోంచి జారిపోయి, పట్టికలో తప్పిన నెలల గడిలోని అంకె రెండు నుంచి ఒకటికి తగ్గింది. ఎరుపు వరుసలో మూడు నెలలకు పదిహేడు టికెట్లు చేరాయి, వాటిలో ప్రింటర్లవే ఎక్కువ. ఒప్పందం రెన్యువల్ చర్చకు పరిపాలనాధికారి తీసుకువెళ్లే కాగితం ఆ ఒక్క వరుస ప్రింటే.